తెగితే ఏం మిగులుతుంది: ప్యానెల్ తెరల మీద తెలుగు సందేశాలు (ప్రసంగ పాఠం)

సభలో ఉన్న మిత్రులందరికీ నమస్కారం. ఆపరేటర్ ప్యానెల్ తెర మీద కనిపించే సందేశాలను తెలుగులోకి మార్చేటప్పుడు, తెలుగు పాఠం ఇచ్చిన చోటులో పట్టకపోతే ఏం చేయాలన్నది ఈ రోజు నాకు అప్పగించిన విషయం. ఈ ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబు "పొట్టిగా రాయండి" అనే. అది తప్పు కాదు కానీ సరిపోదు. ఎందుకు సరిపోదో నాకు తెలిసేలా చేసిన సందేశం ఒకటి ఉంది. దానితోనే మొదలుపెడతాను, ఎక్కువ సేపు దాని దగ్గరే ఉంటాను.

ఒక ట్యాంకు అడుగున నీళ్లు వదిలే వాల్వు ఉంది. డ్రాయింగులో దాని పేరు V12. మూసుకోమని, యంత్రాలను నడిపే కంప్యూటర్ అయిన పీఎల్‌సీ ఆదేశం ఇచ్చిన తరువాత, నిర్ణయించిన కొద్ది సెకన్లలోపు "మూసుకుంది" అని చెప్పే లిమిట్ స్విచ్ సిగ్నల్ రాకపోతే తెర మీద అలారం రావాలి. ఇంగ్లీషులో ఆ సందేశం `V12 FAILED TO CLOSE`. అనువాదానికి నాకు పంపిన ఎక్సెల్ షీటులో దాని పక్కన గరిష్ఠంగా 40 అక్షరాలు అని రాసి ఉంది. నేను "V12 వాల్వు మూసుకోలేదు" అని రాశాను. ఖాళీలతో కలిపి లెక్కపెట్టుకుంటే 21 వచ్చింది. నలభైలో సగమే కదా అని నిశ్చింతగా తరువాతి వరుసకు వెళ్లిపోయాను.

కమిషనింగ్ సమయంలో, ఇంకా అసలు సరుకు పోయకుండా నీళ్లతోనే పరీక్ష చేస్తున్న రోజుల్లో, ఆ వాల్వు నిజంగానే మధ్యలో ఇరుక్కుంది. అలారం వచ్చింది. ఆపరేటర్ దాన్ని చూసి, అక్నాలెడ్జ్ నొక్కి, ట్యాంకు నింపడం మొదలుపెట్టాడు. పైనుంచి నీళ్లు పోస్తుంటే కింది నుంచి పోతూనే ఉన్నాయి. పోయినవి నీళ్లే కాబట్టి ఆ రోజు నేల కడుక్కోవడంతో సరిపోయింది. తరువాత అడిగితే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఎర్ర రంగు చూశాను సార్, కానీ మూసుకుంది అనే కదా ఉంది." తెర దగ్గరకు వెళ్లి చూస్తే ఆయన తప్పేమీ లేదు. అక్కడ ఉన్నది ఇది: "V12 వాల్వు మూసుక�". చివర ఒక చెత్త గుర్తు. "మూసుక" వరకే కనబడితే, తెలుగు చదివేవాడి మనసు దాన్ని "మూసుకుంది" అనే పూర్తి చేస్తుంది, "మూసుకోలేదు" అని కాదు. సందేశం చెప్పాల్సిన దానికి సరిగ్గా వ్యతిరేకమైనది చెప్పింది.

ఎక్కడ తెగిందో చూద్దాం. షీటులో అక్షరాలు అని రాసినవారి ఉద్దేశం నిజానికి బైట్లు. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు సరిపోతుంది కాబట్టి, ఆ రెంటికీ మధ్య తేడా ఉంటుందన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. తెలుగు యూనికోడ్ గుర్తులు U+0C00 నుంచి U+0C7F వరకు ఉంటాయి, వాటిలో ప్రతి ఒక్కటీ UTF-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. ఇక్కడ గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. "వా" అంటే రెండు గుర్తులు, "ల్వు" అంటే నాలుగు: ల, పొల్లు, వ, ఉత్వం. కంప్యూటర్ ముందు కూర్చుని ఈ రెండు వరుసలు రాసి ఉంటే నాకు అప్పుడే తెలిసేది:

```
s = "V12 వాల్వు మూసుకోలేదు".encode("utf-8")
print(len(s), s[:40].decode("utf-8", "replace"))
```

దీనికి వచ్చే జవాబు 53, దాని పక్కన నేను తెర మీద చూసిన అదే తెగిన వాక్యం. V12, దాని పక్కన ఖాళీ కలిపి 4 బైట్లు. "వాల్వు" 18. మరో ఖాళీతో 23. మిగిలిన 17 బైట్లలో "మూసుక" అనే అయిదు గుర్తులు 15 బైట్లు తీసుకున్నాయి. ఇంకా రెండు బైట్లు మిగిలాయి, ఓత్వానికి మూడు కావాలి. ఆ రెండింటిలో ఏ గుర్తూ పట్టదు కాబట్టి చెత్త గుర్తు వచ్చింది.

కాబట్టి షీటు చేతికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ 40 దేనిలో అని. పీఎల్‌సీ భాషల ప్రమాణమైన IEC 61131-3 లో `STRING`, `WSTRING` అని రెండు రకాలు ఉన్నాయి. రెండో దానిలో ప్రతి గుర్తుకూ రెండు బైట్ల చోటు ముందే ఉంటుంది. పాఠం ఆ రకంలో ఉండి ఉంటే నా 21 గుర్తుల వాక్యం సుఖంగా పట్టేది. కొన్ని ప్యానెళ్లలో హద్దు బైట్లలోనూ ఉండదు, గుర్తుల్లోనూ ఉండదు. గడి వెడల్పు ఎన్ని పిక్సెళ్లో అంతే. ఒకే ప్రాజెక్టులో అలారం పాఠానికి బైట్ల హద్దు, బటన్ మీది మాటకు పిక్సెళ్ల హద్దు ఉండడం మామూలే. అక్షరాలు అనే మాట షీటులో కనబడినప్పుడల్లా దాన్ని ఖాళీగా వదిలేసిన ప్రశ్న కిందనే లెక్కవేసి, ప్రోగ్రామ్ రాసినవారిని అడిగి, జవాబును ఆ గడిలోనే రాయించుకోవడం నాకు ఇప్పుడు అలవాటు.

ఇంతవరకు చెప్పింది లెక్కల సంగతి. లెక్క తెలిసిన తరువాత కూడా ఎక్కడో ఒకచోట వాక్యం తెగుతూనే ఉంటుంది: ఫాంటు మారుతుంది, పరికరం పేరు పెరుగుతుంది, వేరే సైజు ప్యానెల్ పెడతారు. అప్పుడు తెగేది ఎప్పుడూ కుడి చివర. తెలుగులో కుడి చివర ఉండేది క్రియ, ఆ క్రియలోనూ చిట్టచివర ఉండేది అవునా కాదా అన్న సంగతి. ఇంగ్లీషు సందేశంలో `FAILED`, `DO NOT` అనేవి ముందే వచ్చేస్తాయి. చివర తెగినా వ్యతిరేకార్థం మిగిలి ఉంటుంది, పోతే ఏ వస్తువు గురించి అన్నదే పోతుంది. మనకు వస్తువు మిగులుతుంది, అది ఏమైందన్నది పోతుంది.

"తలుపు తెరవవద్దు" అన్న సందేశాన్ని చూడండి. లోపల స్పిండిల్ ఇంకా తిరుగుతుండగా గార్డు తలుపు తీయవద్దని చెప్పడం దీని పని. ఇంగ్లీషులో `DO NOT OPEN DOOR` 16 అక్షరాలు. తెలుగులో ఖాళీతో కలిపి 15 గుర్తులు, పలికే అక్షరాలైతే ఎనిమిదే. కంటికి చూస్తే ఇంగ్లీషు కంటే పొట్టిగా ఉంది. బైట్లలో 43. దీన్ని 32 బైట్ల గడిలో పెడితే మిగిలేది "తలుపు తెరవవ". ఇప్పుడు ఈ మాటను మనసులో పూర్తి చేయండి. "తెరవవద్దు" అని ఎంతమంది పూర్తి చేస్తారో, "తెరవవచ్చు" అని కూడా అంతమంది చేయవచ్చు. నిషేధానికీ అనుమతికీ మధ్య తేడా మొత్తం చివరి ఒక్క అక్షరంలో ఉంది. మన భాషలో ఇది అందమే కానీ గార్డు తలుపు మీద మాత్రం పనికిరాదు.

మరి "తెరవరాదు" అంటే? బోర్డుల మీద కనిపించే మాట, ఒత్తు లేదు, ఒక గుర్తు తక్కువ. నేను మొదట దానివైపే మొగ్గాను. ఒక సహోద్యోగి చివరి "దు" మీద వేలు పెట్టి మూసి చదవమన్నారు. "తలుపు తెరవరా" అని వచ్చింది. యంత్రం ఆపరేటర్‌ను చనువుగా పిలిచి తలుపు తీయమంటోంది. గదిలో అందరూ నవ్వారు, మాట మాత్రం పట్టికలోంచి వెళ్లిపోయింది.

చివరకు తేల్చుకున్నది "తలుపు తెరవకండి". ఇది 14 గుర్తులు, సరిగ్గా 40 బైట్లు. ఒత్తు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వ్యతిరేకార్థం "క" దగ్గరే వచ్చేస్తుంది. అదే 32 బైట్ల గడిలో దీన్ని కోస్తే "తలుపు తెరవక" మిగులుతుంది, దాన్ని తెరవమని ఎవరూ చదవరు. ఇంకా ఇరుకైన చోట వ్యతిరేకాన్ని వదిలేసి "తలుపు మూసి ఉంచండి" అంటాను. ఇది 47 బైట్లు, అంటే మొదటి దానికన్నా పొడవు. అయినా ఎక్కడ తెగినా "తలుపు మూసి" అనే మిగులుతుంది, ఆ మిగిలింది కూడా సరైన పనే చెబుతుంది. పొట్టిగా రాయడం సరిపోదని మొదట అన్నది ఇందుకే. పొడవైన వాక్యం తెగి నిజం చెప్పవచ్చు, పొట్టి వాక్యం తెగి అబద్ధం చెప్పవచ్చు.

ఇప్పుడు V12 దగ్గరకు తిరిగి వస్తాను, ఎందుకంటే దాన్ని ఎలా సరిచేశామన్నది ఇంకా చెప్పలేదు. మొదట నాకు తట్టింది "V12 తెరిచే ఉంది" అనడం. 35 బైట్లే, పడుతుంది. తెగినా "తెరిచే" దగ్గర తెగుతుంది. ప్రోగ్రామ్ రాసినవారు ఒప్పుకోలేదు. వాల్వు తెరిచి ఉందని పీఎల్‌సీకి తెలియదు, మూసుకున్నట్టు సిగ్నల్ రాలేదని మాత్రమే తెలుసు. వాల్వు సగంలో ఉండవచ్చు, పూర్తిగా మూసుకుని కూడా లిమిట్ స్విచ్ వైరు ఊడి ఉండవచ్చు. తెలియని సంగతిని తెలిసినట్టు చెబితే మెకానిక్ తప్పు చోట వెతుకుతాడు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే.

తరువాత "V12 లోపం: క్లోజ్" అన్న సూచన వచ్చింది. 36 బైట్లు. దీనికి జంటగా, తెరుచుకోకపోతే వచ్చే అలారం "V12 లోపం: ఓపెన్" అవుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే చిక్కు తెలుస్తుంది. "లోపం: ఓపెన్" అంటే ఓపెన్ కాలేదనా, ఓపెన్‌గా ఉండిపోయిందనా? ఇద్దరు ఆపరేటర్లను అడిగితే రెండు జవాబులు వచ్చాయి. క్రియ లేకపోతే పొట్టిగానే ఉంటుంది, కానీ ఏది ఏమైందో చెప్పేది ఆ క్రియే.

అప్పుడు ఇంగ్లీషు మూలాన్ని మళ్లీ చూశాను. అందులో వాల్వు అన్న మాటే లేదు. తెలుగులో వాక్యం నిండుగా ఉండాలని నేనే చేర్చాను. ఆ ఫ్యాక్టరీలో V అంటే వాల్వు, P అంటే పంపు అని అందరికీ తెలుసు, వాల్వు మీద కొట్టిన రేకు మీద కూడా V12 అనే ఉంది. ఆ మాట తీసేస్తే "V12 మూసుకోలేదు": 4 బైట్లు, 30 బైట్లు, మొత్తం 34. పేరు V112 అయినా 35. హద్దులోపల అయిదారు బైట్ల ఎడం మిగిలింది. ఇంత చర్చ తరువాత పరిష్కారం ఒక మాట కొట్టేయడమని తేలినప్పుడు కాస్త సిగ్గనిపించింది, అయినా దాచుకోవడం లేదు. చోటు చాలడం లేదని ఫిర్యాదు చేసే ముందు, ఆ చోటును మనమే దేనితో నింపామో చూసుకోవాలి.

పేరు మన చేతిలో లేనప్పుడు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. కొన్ని ప్రోగ్రాములలో సందేశం `%s మూసుకోలేదు` అని ఉంటుంది, `%s` స్థానంలో పరికరం పేరు వేరే పట్టికలోంచి వచ్చి కూర్చుంటుంది. V12 వస్తే బాగానే ఉంటుంది, "మెయిన్ స్టీమ్ ఇన్‌లెట్ వాల్వు" వస్తే క్రియకు చోటే మిగలదు. అలాంటి చోట సందేశాన్ని "లోపం:" అనే మాటతో మొదలుపెడతాను. "లోపం" నాలుగే గుర్తులు, ఒత్తు లేదు, వెనక ఏం తెగినా ఇది మంచి వార్త కాదని ముందే చెప్పేస్తుంది. ఇది తెలుగు వాక్యపు సహజ క్రమం కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, కానీ నోటీసులకు, పత్రికల శీర్షికలకు ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. ఇక్కడే మరొక మాట: `%s` కు విభక్తి అంటించి `%sలో`, `%sను` అని రాయకండి. V12 కి బాగున్నది పూర్తి పేరు వచ్చినప్పుడు వికారంగా మారుతుంది, "వాల్వులో" కావాల్సిన చోట ఏదేదో తయారవుతుంది. పేరు, రెండు చుక్కలు, తరువాత జరిగిన సంగతి. అది చాలు.

ఇక చోటు అనగానే మనం వెడల్పు గురించే ఆలోచిస్తాం. తెలుగుకు ఎత్తు కూడా చోటే, నా అనుభవంలో గొడవ అక్కడే ఎక్కువ. ఇంగ్లీషు అక్షరం పైకి కొంత, కిందికి కొంచెం పోతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం, పొల్లు ఉంటాయి, కింద ఒత్తులు ఉంటాయి. ఒత్తు కింద మరో ఒత్తు కూడా రావచ్చు. ఫిల్టరు జాలీని ఫ్యాక్టరీలో అందరూ స్ట్రైనర్ అంటారు. "స్ట్రై" అన్న ఒక్క అక్షరంలో స మీద ఐత్వపు పైభాగం, కింద టవత్తు, రవత్తు, ఐత్వపు కింది గుర్తు ఒకదానితో ఒకటి తోసుకుంటూ ఉంటాయి. ప్యానెల్ గడిని ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తుతో గీసి ఉంటే, ఒత్తులు కింద గీత దగ్గర తెగిపోతాయి. "వద్దు" కాస్తా "వదు" అవుతుంది. ఇంగ్లీషుకు పెట్టిన వరుస ఎత్తును, అదే సైజు అక్షరాలకు, తెలుగుకు ఒకటిన్నర రెట్లు చేయమని నేను మొదటి సమావేశంలోనే అడుగుతాను. తెర గీసేవారు ఇబ్బంది పడతారు, ఎందుకంటే అలారం పట్టికలో పది వరుసలు పట్టేచోట ఆరో ఏడో పడతాయి. కానీ ఈ కోరికను ఆఖరి వారంలో అడిగితే అసలు ఒప్పుకోరు, అప్పటికి తెరలన్నీ గీయడం అయిపోయి ఉంటుంది.

గడిలో పట్టకపోతే అక్షరాలను దానంతట అదే చిన్నది చేసే సౌకర్యం కొన్ని ప్యానెళ్లలో ఉంటుంది. తెలుగుకు దాన్ని ఆపేయించండి. ఇంగ్లీషు 12 పిక్సెళ్ల దగ్గర కూడా చదవడానికి వస్తుంది, తెలుగు ఒత్తు అక్కడ ఒక నల్లటి మచ్చ అవుతుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కూడా ఆ సైజులో పోతుంది.

ఎత్తు సంగతి తెలిసిన తరువాత మాటల ఎంపిక కూడా వేరేగా కనిపిస్తుంది. "స్టార్ట్" ఎనిమిది గుర్తులు, "ప్రారంభించు" పదకొండు. స్టార్ట్ పొట్టిది, ఆపరేటర్ నోట ఉన్నది కూడా అదే, కాబట్టి దాన్నే వాడతాను. కానీ ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలన్నీ ఎత్తు విషయంలో ఖరీదైనవి: వాటిలో ఒత్తులు, పొల్లులు ఎక్కువ. "స్టార్ట్"లో కింద రెండు ఒత్తులు, పైన ఒక పొల్లు ఉన్నాయి. వెడల్పులో ఆదా చేసుకున్నది ఎత్తులో కట్టాల్సి వస్తుంది. పుస్తకంలో మాట ఎప్పుడూ పొడవుగానే ఉంటుందన్న నమ్మకం కూడా సరికాదు. "పీడనం" అయిదు గుర్తులు, ఒత్తు లేదు. "ప్రెషర్" ఏడు, రవత్తు, పొల్లు ఉన్నాయి. అయినా నేను ప్రెషర్ అనే రాస్తాను, ఎందుకంటే గేజు చూసి ఫోనులో చెప్పేటప్పుడు ఎవరూ పీడనం అనరు, తెర మీది మాటా నోటి మాటా ఒకటి కాకపోతే అలారం వచ్చినప్పుడు అనువాదం ఆపరేటర్ తలలో మరోసారి జరగాలి. టెంపరేచర్, ఉష్ణోగ్రత రెండూ తొమ్మిదేసి గుర్తులు. ఇరుకైనప్పుడు "వేడి" అంటాను, నాలుగు గుర్తులు. "బేరింగ్ వేడి ఎక్కువ" అంటే అర్థం కాని మనిషి లేడు.

ఆ చివరి వాక్యంలో "ఉంది" లేదని గమనించారా? తెలుగుకు చోటు ఆదా చేసే గుణం పుట్టుకతోనే ఉంది, మనమే దాన్ని వాడుకోం. "ఆయిల్ ప్రెషర్ తక్కువగా ఉంది" అని రాసేవారు ఇంగ్లీషు వాక్యంలోని క్రియకు జవాబు వెతుకుతున్నారు. "ఆయిల్ ప్రెషర్ తక్కువ" అన్నది పూర్తి తెలుగు వాక్యం. అలాగే "రీసెట్ బటన్‌ను నొక్కండి" కంటే "రీసెట్ నొక్కండి" మేలు. అక్కడి నుంచి ఇంకా తగ్గించి "నొక్కు" అనమని ఒకసారి నాకు చెప్పారు. దానివల్ల మిగిలేది రెండు గుర్తులు, ఆరు బైట్లు. ఆరు బైట్ల కోసం యంత్రం చేత రోజూ మనిషిని ఏకవచనంలో పిలిపించడం నాకు ఇష్టం లేదు, ఇంతవరకు అలా చేయాల్సిన అవసరమూ రాలేదు.

ఇంగ్లీషులో `TEMP HI`, `PRESS LO` అని మాటను సగంలో కోస్తారు, అది వాళ్లకు అలవాటైన పద్ధతి. మనకు కి.మీ., లీ. లాంటి కొలతల దగ్గర తప్ప ఆ అలవాటు లేదు. "ఉష్ణో." అని చుక్క పెడితే అది పొట్టి మాటా, తెగిన మాటా అన్నది చదివేవారికి తెలియదు. తెగిన పాఠాలు అసలే ఉన్న తెర మీద కావాలని తెగ్గొట్టిన మాటలు కూడా పెడితే, ఏది తప్పో ఏది ఉద్దేశమో కనిపెట్టే దారి పోతుంది. కొలతల ప్రమాణాలను మాత్రం `bar`, `°C`, `rpm` అని గేజు మీద ఉన్నట్టే వదిలేస్తాను.

కంటికి కనబడకుండా చోటు తినేది ఒకటి ఉంది. "ఓవర్‌లోడ్" అని టైపు చేసేటప్పుడు ర్ తరువాత U+200C అనే కనిపించని గుర్తు పెడతాం, లేకపోతే "ఓవర్లోడ్" అని ల ఒత్తుగా మారిపోతుంది. ఆ కనిపించని గుర్తూ మూడు బైట్లే. పైగా కొన్ని పాత ప్యానెళ్లు దాన్ని ఖాళీ డబ్బాగా గీస్తాయి. సందేశాలలో నేను దాన్ని తీసేసి "ఓవర్ లోడ్" అని ఖాళీతో రాస్తాను. ఖాళీకి ఒక్క బైటే, ఏ ప్యానెల్ అయినా దాన్ని సరిగ్గా గీస్తుంది. ముద్రించిన పుస్తకంలో ఇలా రాయను.

కుడి నుంచి ఎడమకు జరిగే పాఠం పెడితే చోటు సమస్యే ఉండదు కదా అని ప్రతి ప్రాజెక్టులోనూ ఒకరు అడుగుతారు. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది కాబట్టి, సంగతి తెలియడానికి పాఠం మొత్తం జరిగి వచ్చేదాకా ఆపరేటర్ నిలబడి చూడాలి. రెండు అలారాలు కలిసి వస్తే ఏది ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. 16 అక్షరాల రెండు వరుసల చిన్న ఎల్‌సీడీలు ఉన్నచోట తెలుగు జోలికే పోను. ఒక్కో అక్షరానికి 5×8 చుక్కలు, మనం సొంతంగా గీసుకోగలిగేవి ఎనిమిది గుర్తులే ఉండే చోట తెలుగు పట్టించడం మొండితనం. అక్కడ తెర మీద `E12` అని అంకెతో చూపి, పక్కన తెలుగులో పెద్ద అక్షరాల పట్టిక అంటించడం మంచి పద్ధతి.

పరీక్ష గురించి చెప్పి ముగిస్తాను. కంప్యూటర్‌లో అందంగా కనిపించిన పాఠం ప్యానెల్ మీద అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే ఒత్తులను అతికించే పని ప్యానెల్ లోపలి సాఫ్ట్‌వేర్‌ది. అది రాని ప్యానెల్‌లో "ప్రెషర్" బదులు ప, దాని మీద పొల్లు, పక్కన విడిగా ర కనిపిస్తాయి. పాఠం పొడవు కూడా అప్పుడు పెరుగుతుంది. అందుకని మొదటి రోజే అసలు ప్యానెల్ మీదకు రెండు మాటలు ఎక్కిస్తాను: ఎత్తుకు "స్ట్రైనర్", వెడల్పుకు "మూసుకోలేదు". మూ లాంటి అక్షరాలు పక్కకు బాగా సాగుతాయి. ఆ రెండూ నిండుగా కనిపిస్తే మిగతావి దాదాపు కనిపిస్తాయి.

తరువాత అసలు పరీక్ష. ప్రతి సందేశాన్నీ చివరి నుంచి ఒక్కో అక్షరం తీసేస్తూ కాగితం మీద అచ్చు వేయించి, ఆ సందేశాలు ముందెప్పుడూ చూడని ఆపరేటర్‌కు ఇచ్చి, ఇప్పుడు మీరేం చేస్తారని అడుగుతాను. ఏం అర్థమైందని అడగను. అర్థమైందా అంటే అందరూ అయిందనే అంటారు. ఏం చేస్తారంటే చేతులు చెబుతాయి. ఒకటి రెండు అక్షరాలు పోగానే జవాబు తలకిందులయ్యే సందేశాలు పట్టికలో ఎన్నో ఉండవు, కానీ ఉన్నవి దాదాపు అన్నీ "లేదు", "వద్దు", "కాలేదు" అని ముగిసేవే. వాటిని విడిగా తీసి ఒక్కొక్కటీ తిరగరాస్తాను. మిగతావి పట్టకపోతే ముందు మాటలు తగ్గిస్తాను, అప్పటికీ పట్టకపోతే గడి పెంచమని అడుగుతాను.

(ప్రసంగం తరువాత ఒక శ్రోత అడిగారు: "గడి పెంచం అంటే ఏం చేస్తారు?")

రెండు సార్లు అన్నారు. ఒకసారి అలారం సంఖ్యనూ పేరునూ మాత్రమే ఆ వరుసలో ఉంచి, వరుస మీద వేలు పెడితే పూర్తి తెలుగు వాక్యం తెర మధ్యలో వచ్చేలా చేశాం. రెండోసారి అదీ కుదరలేదు. ఆ ఒక్క సందేశాన్ని ఇంగ్లీషులోనే వదిలేశాను. తెలుగులో తెగి వ్యతిరేకంగా చెప్పే దానికన్నా, అక్కడి ఆపరేటర్లు పదేళ్లుగా చూస్తున్న `DO NOT OPEN` మేలు అనిపించింది. తరువాతి ప్యానెల్ మార్పిడిలో గడి వెడల్పు చేశారు, "తలుపు తెరవకండి" అప్పుడు పెట్టాం.